బోధన కోసం స్కాన్ స్క్రీన్‌షాట్లు పంచుకునే ముందు పేర్లు, తేదీలు, గుర్తింపు సంఖ్యలు తీసివేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బోధనాసుపత్రుల్లో పనిచేసే పీజీలు, హౌస్‌సర్జన్లు, రేడియాలజీ టెక్నీషియన్లు, అధ్యాపకుల కోసం ఈ పేజీ రాశాను. క్లాసులో చూపడానికో, జూనియర్ల వాట్సాప్ గ్రూపులో చర్చకు పెట్టడానికో మనం తీసుకునే స్క్రీన్‌షాట్ల గురించే ఇక్కడి ప్రశ్నలన్నీ. నేను రేడియాలజీ పాఠాలు చెబుతాను. విద్యార్థులు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను.

స్కాన్ చిత్రం మీద ఏయే వివరాలు తీసివేయాలి? అవి ఎక్కడెక్కడ ఉంటాయి?

రోగి పేరు, పుట్టిన తేదీ, యూహెచ్‌ఐడీ, ఓపీ లేదా ఐపీ నంబరు, స్కాన్‌కు ఇచ్చిన యాక్సెషన్ నంబరు, స్కాన్ జరిగిన తేదీ, సమయం, ఆసుపత్రి పేరు, రోగిని పంపిన డాక్టరు పేరు, ఇవన్నీ తీసివేయాలి. ఆరోగ్యశ్రీ కార్డు నంబరు గానీ, 14 అంకెల ఆభా నంబరు గానీ ఎక్కడైనా కనిపిస్తే వాటినీ వదలకూడదు. సీటీ, ఎంఆర్‌ఐ చిత్రాల్లో ఈ వివరాలు నాలుగు మూలల్లో చిన్న అక్షరాలతో కనిపిస్తాయి. అల్ట్రాసౌండ్‌లో ఎక్కువగా పైనున్న పట్టీలో ఉంటాయి. ఎక్స్‌రే ఫిల్ములో ఏదో ఒక అంచున అచ్చయి ఉంటాయి.

పేరు తీసేయడం అందరికీ గుర్తుంటుంది, నంబర్ల దగ్గరే పొరపాటు జరుగుతుంది. యాక్సెషన్ నంబరు బయటివాళ్లకు అర్థంలేని అంకెల వరుసలాగే కనిపిస్తుంది. కానీ మన స్లైడ్లు చూసేవాళ్లలో ఎక్కువమంది మన ఆసుపత్రి విద్యార్థులే, వాళ్ల దగ్గర ప్యాక్స్ లాగిన్ ఉంటుంది. ఆ నంబరును వెతుకుడు పెట్టెలో కొడితే రోగి పేరుతో పాటు పాత స్కాన్లు, రిపోర్టులు అన్నీ తెర మీదికి వస్తాయి. అందుకే నంబరును పేరుతో సమానంగానే చూడాలి.

అమెరికాలోని హిపా నిబంధనల్లో 18 రకాల గుర్తింపు వివరాల జాబితా ఉంది. అది మన చట్టం కాకపోయినా, ఏదైనా మరిచామేమో సరిచూసుకోవడానికి ఉపయోగపడుతుంది. తేదీల్లో సంవత్సరం మాత్రమే ఉంచవచ్చని, 89 ఏళ్లు దాటినవారి వయసును విడిగా చెప్పకుండా 90, ఆపైన అని ఒకే వర్గంగా చూపాలని ఆ పద్ధతి చెబుతుంది. అంత వయసువారు ఏ ఊళ్లోనైనా కొద్దిమందే ఉంటారు కాబట్టి వయసు ఒక్కటే మనిషిని పట్టించగలదు.

తీసివేయకూడనివి ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. కుడి, ఎడమ గుర్తులు, కొలత గీత, అల్ట్రాసౌండ్‌లో లోతు చూపే అంకెలు, సీటీలో విండో విలువలు, స్లైస్ మందం పాఠానికి కావాలి, పైగా ఇవేవీ రోగి ఎవరో చెప్పవు.

ముఖ్యంగా ఎక్స్‌రే మీది L లేదా R గుర్తును పోనివ్వకండి. గుండె కుడివైపు ఉన్న ఒక ఛాతీ ఎక్స్‌రేలో పేరు ఉన్న పై అంచును ఒక విద్యార్థి కోసేశాడు. దాంతోపాటే మూలలోని L అక్షరమూ పోయింది. క్లాసులో సగంమంది అది ఫిల్మును తిరగేసి పెట్టిన మామూలు ఎక్స్‌రే అనుకున్నారు. అలాంటి కేసులో రోగ నిర్ధారణకు ఆధారమే ఆ ఒక్క అక్షరం. అందుకే అంచు మొత్తాన్ని కోయకుండా, వివరాలున్న చోటు వరకే నలుపు నింపడం మేలు.

పవర్‌పాయింట్‌లో పేరు మీద నల్ల పెట్టె పెట్టాను, లేదా ఆ భాగాన్ని క్రాప్ చేశాను. అది చాలదా?

చాలదు. కప్పడం వేరు, తీసివేయడం వేరు. ఈ తేడా నేను పాఠం చెబుతుండగానే, నా పొరపాటు వల్లే నేర్చుకున్నాను. ఒక పొట్ట సీటీ చిత్రాన్ని స్లైడ్‌లో పెట్టి, పేరున్న మూలను క్రాప్ చేసి, ఆ ఫైలునే విద్యార్థులకు పంపాను. మరుసటి వారం ఒక పీజీ తన ల్యాప్‌టాప్‌లో ఆ చిత్రం సైజు సరిచేద్దామని `Reset Picture & Size` నొక్కింది. రోగి పేరు, వయసు, ఐపీ నంబరు పూర్తిగా తెర మీద ప్రత్యక్షమయ్యాయి. ఆ అమ్మాయి గ్రూపులో ఏమీ అనకుండా నేరుగా నా గదికి వచ్చి చూపించింది. ఆ మర్యాదకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ని. అప్పటికే ఆ ఫైలు నలభైమంది దగ్గరుంది.

జరిగింది ఇదీ. పవర్‌పాయింట్‌లో క్రాప్ చేస్తే చిత్రం తెగదు, ఏ భాగం చూపాలో మాత్రమే ఫైలులో నమోదవుతుంది. పూర్తి చిత్రం లోపల అలాగే ఉంటుంది. నల్ల పెట్టె అయితే చిత్రం మీద పెట్టిన మరో వస్తువు మాత్రమే. మౌస్‌తో పక్కకు జరిపితే కింద ఉన్నదంతా కనిపిస్తుంది. నమ్మకం కుదరకపోతే మీ పాత స్లైడ్లలో ఒకదాన్ని తీసుకుని చూడండి. `.pptx` ఫైలు నిజానికి ఒక జిప్ సంచి. కాపీ తీసుకుని పేరు చివర `.zip` అని మార్చి తెరిస్తే `ppt/media` అనే ఫోల్డరులో మీరు అతికించిన చిత్రాలు ఉంటాయి. మీరు కప్పిన పేర్లు ఆ చిత్రాల మీద చెక్కుచెదరకుండా కనిపిస్తాయి.

క్రాప్‌కు పవర్‌పాయింట్‌లోనే ఒక మందు ఉంది. చిత్రాన్ని ఎంచుకుని `Compress Pictures` తెరిచి, `Delete cropped areas of pictures` దగ్గర టిక్ పెట్టి, `Apply only to this picture` దగ్గర టిక్ తీసేసి, ఫైలును సేవ్ చేయాలి. నల్ల పెట్టెకు ఆ మందు పనిచేయదు. పీడీఎఫ్‌గా మార్చినా అంతే, పెట్టె కింది చిత్రం పీడీఎఫ్ లోపలికి పూర్తిగా వెళ్తుంది, చిత్రాలను విడదీసే ఏ పరికరమైనా దాన్ని బయటికి తీస్తుంది. వెబ్‌లో ఉంచిన ప్రజెంటేషన్ల లోపలి నుంచి సెర్చ్ ఇంజన్లు ఇలాంటి సమాచారాన్ని వెలికితీయగలుగుతున్నాయని అమెరికాలోని రేడియాలజీ సంఘాలు తమ సభ్యులను బహిరంగంగా హెచ్చరించాయి. కాబట్టి నా నియమం ఒకటే. చిత్రాన్ని స్లైడ్‌లోకి రాకముందే బయట శుభ్రం చేయాలి, పేరున్న చిత్రం పవర్‌పాయింట్ గడప తొక్కకూడదు.

అయితే సరైన పద్ధతి ఏమిటి? ఒక ఉదాహరణతో చెప్పగలరా?

పిత్తాశయంలో రాయి ఉన్న ఒక అల్ట్రాసౌండ్ చిత్రాన్ని తీసుకుందాం. ముందుగా ఒక తేడా గమనించాలి. సీటీ, ఎంఆర్‌ఐలలో మూలల్లోని అక్షరాలు సాధారణంగా చిత్రంలో భాగం కావు. ఫైలు హెడరులోని వివరాలను వ్యూయర్ అప్పటికప్పుడు చిత్రం మీద రాసి చూపిస్తుంది. వ్యూయర్‌లో ఆ అక్షరాలను దాచే మీట నొక్కి, ఆ తరువాత స్క్రీన్‌షాట్ తీస్తే పేరు అసలు చిత్రంలోకే రాదు. అన్నిటికన్నా శుభ్రమైన పద్ధతి అదే. అల్ట్రాసౌండ్‌లో అలా కుదరదు. ఆ యంత్రం తన తెరనే బొమ్మగా భద్రపరుస్తుంది కాబట్టి పేరు కూడా పిక్సెళ్లలో కలిసిపోయి ఉంటుంది. ఎన్ని మీటలు నొక్కినా అది మాయం కాదు.

స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు తెర మొత్తం పట్టకుండా, విండోస్‌లో `Win+Shift+S` నొక్కి చిత్రం వరకే గీసుకోండి. తెర మొత్తం పడితే ఎడమవైపు వర్క్‌లిస్టులో మరో పదిమంది రోగుల పేర్లు, విండో పైపట్టీలో ఈ రోగి పేరు, కింద మూలలో ఆనాటి తేదీ, గడియారం అన్నీ వచ్చి పడతాయి. చూపించాల్సిన రోగి పేరును జాగ్రత్తగా చెరిపి, పక్కవాళ్ల పేర్లు వదిలేసిన స్లైడ్లు నేను చాలానే చూశాను.

మన ఉదాహరణ చిత్రం 1024 పిక్సెళ్ల వెడల్పు, 768 పిక్సెళ్ల ఎత్తు ఉందనుకుందాం. పెయింట్‌లో తెరిచి, పైపట్టీ ఎక్కడ ముగుస్తుందో అక్కడ మౌస్ ఉంచితే కింద ఆ చోటి అంకెలు కనిపిస్తాయి. ఇక్కడ పట్టీ 72వ పిక్సెల్ వరుస దగ్గర ముగిసింది. దీర్ఘచతురస్రం గీసే పరికరాన్ని తీసుకుని, గీతకూ లోపలి రంగుకూ గట్టి నలుపునే ఎంచుకుని, పట్టీ మొత్తాన్నీ నింపి, కొత్త పేరుతో పీఎన్‌జీగా సేవ్ చేయాలి. పెయింట్‌లో ఇలా సేవ్ చేసిన పీఎన్‌జీలో కింది అక్షరాల స్థానంలో నలుపే మిగులుతుంది. కింద దాగి ఉన్న పొర అంటూ ఏదీ ఉండదు.

ఒకే యంత్రం నుంచి వచ్చిన యాభై చిత్రాలు ఉంటే, టైపు చేసిన ఆదేశాలతో చిత్రాలను మార్చే ఇమేజ్‌మ్యాజిక్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేయడం తేలిక. ఒక్కో చిత్రానికి ఆదేశం ఇలా ఉంటుంది:

```
magick in.png -fill black -draw "rectangle 0,0 1023,72" -strip out.png
```

చివరి `-strip` ఫైలులోని వ్యాఖ్యలు, ఎక్సిఫ్ వంటి దాపరికపు వివరాలను తొలగిస్తుంది. అయితే ఒక హెచ్చరిక. ఒకే యంత్రమైనా ప్రీసెట్ మారితే పట్టీ ఎత్తు మారుతుంది. ప్రసూతి ప్రీసెట్‌లో గర్భం వారాలు, చివరి నెలసరి తేదీ అదనంగా మరో వరుసలో రావచ్చు. అందువల్ల యాభై చిత్రాలనూ కళ్లతో చూడక తప్పదు.

తరువాత పరీక్ష. సేవ్ చేసిన ఫైలును మూసి, మళ్లీ తెరిచి, 400 శాతానికి పెంచి నాలుగు అంచుల వెంబడీ ఒకసారి తిరగండి. మన ఉదాహరణలో పైపట్టీ పోయినా, చిత్రం మధ్యలో పిత్తాశయం పక్కన టెక్నీషియన్ టైపు చేసిన అక్షరాలు మిగిలాయి. అవి అవయవం పేరైతే ఉంచవచ్చు, కానీ రద్దీ రోజుల్లో రోగులు తారుమారు కాకుండా కొందరు అక్కడే రోగి పేరు టైపు చేస్తారు. మన చిత్రంలోనూ రాయి పక్కన ఒక ఇంటిపేరు ఉంది. అది పైపట్టీకి చాలా దూరంలో ఉంది కాబట్టి ఆదేశానికి అందలేదు, కంటికే దొరికింది.

ఫోన్‌లోనే మార్కర్‌తో గీసేస్తే లేదా మసకబారిస్తే సరిపోతుందా?

మార్కర్‌ను నమ్మవద్దు. ఫోన్లలోని చాలా మార్కర్లు, హైలైటర్లు సగం పారదర్శకంగా ఉంటాయి. రెండుసార్లు గీస్తే కంటికి నల్లగానే కనిపిస్తుంది గానీ, అదే చిత్రం వెలుతురును, కాంట్రాస్టును పైకి జరిపితే కింది అక్షరాలు తేలుతాయి. మీరే ఒకసారి చేసి చూడండి, అర నిమిషం పని. గళ్లుగళ్లుగా మసకబార్చడం కూడా బలహీనమైనదే. అంకెలు పదే కదా, యూహెచ్‌ఐడీ పొడవూ అక్షరాల రూపమూ తెలిసినవాళ్లు ఒక్కొక్కటీ వేసి చూసి, ఏది అదే మసకను ఇస్తుందో పోల్చుకోగలరు. గట్టి నలుపులో పోల్చుకోవడానికి ఏమీ మిగలదు.

క్రాప్ కూడా మోసం చేయగలదని 2023 మార్చిలో బయటపడింది. గూగుల్ పిక్సెల్ ఫోన్ల మార్కప్ పరికరంలోనూ, విండోస్ స్నిప్పింగ్ పరికరంలోనూ ఒకే తరహా లోపం దొరికింది. కత్తిరించిన చిత్రాన్ని పాత ఫైలు మీదే సేవ్ చేసినప్పుడు, కొత్త చిత్రం చిన్నది కాబట్టి పాత చిత్రం తోక భాగం ఫైలు చివర అలాగే ఉండిపోయేది. దాని నుంచి కత్తిరించిన భాగాన్ని కొంతవరకు తిరిగి నిర్మించగలిగారు. ఆ రెండు లోపాలనూ సరిచేశారు, కానీ అంతకు ముందు కత్తిరించి పంచుకున్న చిత్రాలు అలాగే ఉన్నాయి. అప్పటి చిత్రాలను ఇంకా క్లాసులో వాడుతుంటే పెయింట్‌లో తెరిచి, కొత్త పేరుతో సేవ్ చేసుకుని, ఆ కొత్త ఫైలునే వాడండి.

వ్యూబాక్సు మీది ఫిల్మును ఫోన్‌తో ఫొటో తీస్తే మరో చిక్కు. ఫొటో ఫైలులో తీసిన తేదీ, లొకేషన్ ఆన్‌లో ఉంటే ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు నమోదవుతాయి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఆ వివరాలు రాలిపోతాయి, కానీ నాణ్యత తగ్గకూడదని డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది. లోపల ఏముందో ఎక్సిఫ్‌టూల్ అనే సాఫ్ట్‌వేర్‌తో చూసి, తరువాత తీసేయవచ్చు:

```
exiftool -a -G1 -s photo.jpg
exiftool -all= photo.jpg
```

రెండో ఆదేశం తరువాత అదే ఫోల్డరులో `photo.jpg_original` అనే పాత ఫైలు మిగులుతుంది. ఫోల్డరు మొత్తాన్ని పంపితే అదీ వెళ్తుంది.

తేదీలు తీసేస్తే వ్యాధి ఎలా ముదిరిందో, ఎలా తగ్గిందో చెప్పడం ఎలా?

పాఠానికి కావలసింది తేదీ కాదు, వ్యవధి. మొదటి స్కాన్‌ను 0వ రోజు అనుకుని, మిగతావాటిని 9వ రోజు, 42వ రోజు అని రాయండి. పాంక్రియాస్ వాపులో నీటితిత్తి నాలుగు వారాలకు గట్టి గోడ కట్టుకుందని చెప్పడానికి అది జనవరిలోనా, జులైలోనా అన్నది అక్కర్లేదు. వయసును కూడా 43 అనకుండా నలభైల్లో ఉన్న పురుషుడు అంటే సరిపోతుంది. పసిపిల్లల విషయంలో మాత్రం వారాలు, నెలలు చెప్పక తప్పదు, ఎందుకంటే ఎముకల రూపం వాటితోనే మారుతుంది.

తేదీ కథనంలోంచి కూడా దూరుతుందని గుర్తుంచుకోండి. సంక్రాంతినాడు గాలిపటం మాంజా గొంతుకు చుట్టుకున్న ద్విచక్రవాహనదారుడు అని కేసు మొదలుపెడితే రోజు ఏదో చెప్పేసినట్టే. జిల్లా పేరు కూడా కలిస్తే మరుసటి రోజు పేపరు తిరగేసినవాళ్లకు మనిషి ఎవరో తెలిసిపోతుంది. సన్నని దారం వల్ల మెడకు గాయం అని రాస్తే పాఠానికి ఏ లోటూ ఉండదు.

స్క్రీన్‌షాట్ కాకుండా డైకామ్ ఫైలునే ఇవ్వవచ్చా?

స్లైడు కోసమైతే అవసరం లేదు, ప్రమాదమూ ఎక్కువే. డైకామ్ హెడరులో `(0010,0010)` దగ్గర పేరు, `(0010,0020)` దగ్గర రోగి నంబరు, `(0010,0030)` దగ్గర పుట్టిన తేదీ ఉంటాయి. వీటితోపాటు తయారీదారు సొంతంగా పెట్టుకున్న ట్యాగుల్లోనూ వివరాలు దాగి ఉండవచ్చు. వివరాలు తొలగించే సాఫ్ట్‌వేర్లలో చాలావరకు హెడరునే శుభ్రం చేస్తాయి, పిక్సెళ్లలోని అక్షరాల జోలికి పోవు. చిత్రంలో అక్షరాలు ఉన్నాయో లేవో చెప్పాల్సిన `(0028,0301)` ట్యాగు ఎన్నో ఫైళ్లలో ఉండనే ఉండదు. హెడరు ఖాళీగా ఉంది కదా అని అల్ట్రాసౌండ్ ఫైలు పంపితే, తెరవగానే పైపట్టీలో పేరు పలకరిస్తుంది.

పేరు, నంబరు ఏమీ లేకపోయినా చిత్రమే మనిషిని గుర్తుపట్టించగలదా?

తల స్కాన్లలో గుర్తుపట్టించగలదు. అమెరికాలోని మాయో క్లినిక్ పరిశోధకులు 84 మంది తల ఎంఆర్‌ఐల నుంచి ముఖాలను నిర్మించి, ముఖాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌తో వాళ్ల ఫొటోలతో పోల్చి చూసి, 2019లో ఫలితాలు ప్రచురించారు. 83 శాతం మంది విషయంలో సరైన మనిషే మొదటి జోడీగా తేలాడు. అది మొత్తం స్కాన్ చేతిలో ఉన్నప్పటి సంగతి. ఒకటి రెండు అడ్డుకోతల స్క్రీన్‌షాట్‌తో అలా చేయలేరు. కానీ చర్మం కనిపించేలా చేసిన త్రీడీ చిత్రం అచ్చంగా ముఖం ఫొటోయే. దవడ విరిగిన కేసు చూపాలంటే ఎముకలు మాత్రమే కనిపించే త్రీడీని వాడండి.

రోగి అనుమతి తీసుకోవాలా?

భారత వైద్య మండలి 2002 నాటి వృత్తి నియమావళిలోని 7.17వ నిబంధన ప్రకారం, గుర్తుపట్టగలిగేలా రోగుల ఫొటోలు గానీ, కేసు వివరాలు గానీ అనుమతి లేకుండా ప్రచురించకూడదు. గుర్తింపు బయటపడనప్పుడు అనుమతి అవసరం లేదని కూడా అదే చెబుతుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా మనిషిని గుర్తించగలిగే సమాచారాన్నే వ్యక్తిగత డేటా అంటుంది. అంటే రెండింటిలోనూ అసలు ప్రశ్న, గుర్తుపట్టగలరా లేదా అన్నదే. అరుదైన జబ్బు, చిన్న ఊరు, అసాధారణమైన ప్రమాదం, ఈ మూడింట్లో ఏది ఉన్నా అనుమతి తీసుకోవాలని నా అభిప్రాయం. ఆ రోగి బంధువు మన క్లాసులోనే కూర్చుని ఉండవచ్చు. అనుమతి ఇచ్చారు కదా అని పేరు ఉంచేయడం మాత్రం సరికాదు, వాళ్లు అనుమతించింది పాఠానికి.

అసలు చిత్రం ఎవరిదో తరువాత మాకు కావాల్సి వస్తే?

బోధన చిత్రానికి `GB-017.png` వంటి పేరు పెట్టి, ఆ కోడ్ ఏ యూహెచ్‌ఐడీదో రాసిన పుస్తకాన్ని విభాగంలోనే, తాళంలో ఉంచండి. కోడ్‌లో రోగి పొడి అక్షరాలు గానీ, తేదీ గానీ ఉండకూడదు. విండోస్ స్క్రీన్‌షాట్లకు దానంతట అదే పెట్టే పేరులో తేదీ, సమయం ఉంటాయి కాబట్టి పేరు మార్చడం మరవద్దు. శుభ్రం చేయని స్క్రీన్‌షాట్లు `Pictures` లోని `Screenshots` ఫోల్డరులోనూ, ఫోన్ అయితే క్లౌడ్ బ్యాకప్‌లోనూ మిగిలిపోతాయి. రీసైకిల్ బిన్‌తో సహా వాటినీ ఖాళీ చేయాలి.

పేరున్న చిత్రం ఇప్పటికే గ్రూపులో వెళ్లిపోయింది. ఇప్పుడేం చేయాలి?

వెంటనే `Delete for everyone` నొక్కండి, కానీ దానితో పని పూర్తయిందనుకోవద్దు. అప్పటికే గ్యాలరీల్లో సేవ్ అయినవీ, మరో గ్రూపుకు వెళ్లినవీ అలాగే ఉంటాయి. కాబట్టి గ్రూపులో సూటిగా ఒక మాట రాయండి: ఇందాకటి చిత్రంలో రోగి వివరాలు ఉండిపోయాయి, డౌన్‌లోడ్ అయి ఉంటే దయచేసి తీసేయండి, ఎవరికైనా పంపి ఉంటే నాకు చెప్పండి. ఆ తరువాత విభాగాధిపతికి తెలియజేసి, ఏ చిత్రం, ఎన్ని గంటలకు, ఎంతమందికి వెళ్లిందో రాసి ఇవ్వండి. నా సీటీ స్లైడు విషయంలో నలభైమందినీ విడివిడిగా అడిగాను. ముప్పై ఏడుగురు తీసేశామని చెప్పారు, ఇద్దరు అసలు తెరవలేదన్నారు. ఒకరు ఆ ఫైలును మరో కాలేజీలోని స్నేహితుడికి పంపారు, ఆయన ఫోన్ చేసి అక్కడా తీసేయించారు.